‘ఎవరికీ చెప్పరు కదా టీచర్?’: కొత్తగా చేరిన ఉపాధ్యాయులు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి నుంచి చంద్రగిరి వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక ఉన్నత పాఠశాలకు నేను ప్రధానోపాధ్యాయురాలిని. కొత్తవాళ్లు చేరిన రోజున భోజన విరామం అయ్యాక వాళ్లను స్టాఫ్‌రూమ్‌లో కూర్చోబెట్టుకుని, ఎవరో తమను వేధిస్తున్నారని పిల్లలు వచ్చి చెబితే ఏం చేయాలో పావుగంట మాట్లాడడం నా అలవాటు. అప్పుడు ఎవరూ ఏమీ అడగరు, మర్యాదగా తలలూపుతారు. ప్రశ్నలు ఆ తర్వాత ఒక్కొక్కటిగా వస్తాయి. ఒకరు వరండాలో ఆపుతారు, ఒకరు సెలవు చీటీతో వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోతారు. ఏటా దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి రాసి పెట్టాను. సంఘటనల్లో పిల్లలను ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

స్వాగతం పలకాల్సిన రోజున ఇంత బరువైన విషయం ఎందుకు ఎత్తుకున్నారు?

సెలవులు, సర్వీసు పుస్తకం, హాజరు యాప్ వంటివి పది రోజుల్లో గుమాస్తా దగ్గర నేర్చుకుంటారు. తప్పు చేసినా దిద్దుకోవచ్చు. కానీ ఒక రోజు ఒక పిల్ల మీ దగ్గరికి వచ్చి, ఇంట్లోనో ట్యూషన్‌లోనో తనకు జరుగుతున్న దాని గురించి సగం మాట చెప్పి ఆగిపోతుంది. అది చేరిన వారంలోనే కావచ్చు, పదేళ్ల తర్వాత కావచ్చు. ఆ క్షణంలో నన్ను అడిగి రావడానికి వీలుండదు. మీరు ముఖం చిట్లించినా, ‘‘తర్వాత చెప్పు, బెల్లు కొట్టారు’’ అన్నా ఆ పిల్ల మళ్లీ నోరు తెరవకపోవచ్చు. వృత్తి ధర్మం అనే పెద్ద మాట కింద ఎన్నో చెప్పవచ్చు గానీ, మొదటి రోజున నేను ఈ ఒక్క గంట గురించే చెబుతాను.

పిల్లలు చెప్పేదాకా ఆగాలా? ముందే తెలుసుకునే గుర్తులు లేవా?

ఉన్నాయి, కానీ వాటిని రుజువులు అనుకోవద్దు. బాగా తినే పిల్ల మధ్యాహ్న భోజనంలో గుడ్డు కూడా ముట్టకుండా పళ్లెం కడిగేయడం, చివరి బెల్లు కొట్టినా సంచి సర్దుతూనే ఉండడం, ఫలానా వాళ్లు తీసుకువెళ్లడానికి వస్తే వెనక్కి తగ్గడం చూస్తుంటాం. హాజరు పట్టీని రోజువారీగా చూస్తే ఏమీ తెలియదు. నెల చివర ఒక్కొక్క పేరు ఎదుట అడ్డంగా చదవండి, అప్పుడు వరస కనిపిస్తుంది.

ఒక అబ్బాయి ప్రతి మంగళవారం రావడం లేదని ఒక సార్ ఎంతో ఆందోళనగా నా దగ్గరికి వచ్చారు. పిలిచి అడిగితే, మంగళవారం సంత, నాయనమ్మతో కలిసి చింతపండు అమ్మడానికి వెళ్తున్నాడు. అదీ మనం పట్టించుకోవాల్సిన విషయమే, కానీ ఆ సార్ భయపడిన విషయం కాదు. గుర్తు కనబడితే ఊహించుకోవద్దు, పిల్లల దగ్గర కాసేపు ఊరికే కూర్చోండి. ‘‘ఈ మధ్య అన్నం సరిగా తినడం లేదే’’ అన్న ఒక్క మాట చాలు.

‘ఎవరికీ చెప్పరు కదా?’ అని ముందే మాట తీసుకుంటే ఏమనాలి?

‘‘చెప్పను’’ అనకండి. ఇది అందరికీ కష్టంగా ఉంటుంది, ఎందుకంటే ఆ మాట అంటేనే పిల్ల చెబుతుందని మన మనసుకు అనిపిస్తుంది. కానీ గంట తర్వాత మీరు ఆ మాట తప్పక తప్పాల్సి వస్తుంది. ఆ పిల్లను బాధపెట్టినవాడు కూడా ‘‘ఇది మన ఇద్దరి మధ్యే’’ అనే అని ఉంటాడు. మీరూ అదే మాటతో మొదలుపెట్టి, ఆపై తప్పితే, పెద్దవాళ్లంతా ఒకటేనని ఆ పిల్ల తీర్మానించుకుంటుంది.

మా లెక్కల టీచర్ ఒకరు, అప్పటికి చేరి రెండు నెలలు కాలేదు, ఇలా అన్నారు: ‘‘నీకు సాయం చేయగలిగిన వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పనమ్మా. ఎవరికి చెప్పాల్సి వచ్చినా ముందు నీతో అని చెబుతాను.’’ ఆ ఏడో తరగతి అమ్మాయి కాసేపు కొంగు పట్టుకుని నిలబడి, తర్వాత చెప్పింది. ఇంతకంటే మంచి సమాధానం నాకు దొరకలేదు. అప్పటి నుంచి కొత్తవాళ్లకు అదే నేర్పుతున్నాను.

ఎక్కడ కూర్చోబెట్టి వినాలి? ఏమేం అడగాలి?

స్టాఫ్‌రూమ్ వద్దు, అక్కడ పది చెవులు ఉంటాయి. తలుపు మూసిన గదీ వద్దు, పిల్లకూ మంచిది కాదు, మీకూ మంచిది కాదు. మా బడిలో వేపచెట్టు కింద సిమెంటు బల్ల ఉంది. నలుగురికీ కనిపిస్తారు, ఎవరికీ వినబడదు.

అడగడం విషయంలోనే ఎక్కువమంది పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. చాలా ఏళ్ల క్రితం, వేరే బడిలో, ఒక అమ్మాయి నాతో ఏదో చెప్పబోతే నేను వరసగా ప్రశ్నలు వేశాను. ‘‘చేయి పట్టుకున్నాడా? రాత్రా? ఎన్నిసార్లు?’’ అన్నింటికీ ఆ పిల్ల తల ఊపింది. తర్వాత అప్పటి పెద్దసారు పిలిచి మళ్లీ అడిగారు, ఆ తర్వాత తల్లి ముందు మరోసారి. మూడోసారికి జవాబులు మారిపోయాయి. ఏది తాను చెప్పిందో, ఏది మేం ఆమె నోట పెట్టామో ఆమెకే తెలియకుండా పోయింది. చివరికి ‘‘ఏమీ జరగలేదు’’ అని ఏడ్చింది. ‘‘చూశారా, పిల్ల అబద్ధం చెప్పింది’’ అని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆమె అబద్ధం చెప్పిందని నేను ఇప్పటికీ నమ్మను.

అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్న అడగకండి. జవాబును లోపల దాచుకున్న ప్రశ్న అసలే వద్దు. ‘‘ఏమైంది?’’, ‘‘తర్వాత?’’, ‘‘ఇంకేమైనా చెప్పాలని ఉందా?’’ ఈ మూడూ చాలు. ‘‘ముందే ఎందుకు చెప్పలేదు?’’ అన్నది ప్రశ్నలా కనిపించే నింద. ఎవరు, సుమారుగా ఎప్పుడు, ఈ సాయంత్రం ఇంటికి వెళ్తే మళ్లీ ప్రమాదం ఉందా అన్నంతవరకు తెలిస్తే మీ పని అయిపోయింది. నిజానిజాలు తేల్చడం మన పని కాదు, అది పోలీసులది, ఆపై కోర్టుది. పిల్ల మధ్యలో ఆగిపోతే ఆగనివ్వండి. చెప్పినందుకు మంచి పని చేశావని, ఇందులో తన తప్పేమీ లేదని చెప్పండి. ఆ రెండు మాటలకే ఆ ఏడో తరగతి అమ్మాయి భుజాలు దిగడం వేపచెట్టు కింద చూశానని ఆ లెక్కల టీచర్ తర్వాత నాకు చెప్పారు.

తర్వాత ఏం రాసుకోవాలి? ఎలా రాయాలి?

పిల్లను నమ్మకస్తురాలైన మరో టీచర్ దగ్గర కూర్చోబెట్టి, వెంటనే రాయండి. పిల్ల ఎదుట రాస్తూ కూర్చుంటే మాట ఆగిపోతుంది. సాయంత్రం ఇంటికి వెళ్లి రాస్తే మీ మాటలు అందులో కలిసిపోతాయి.

మొదట్లో అందరూ ఇలా రాస్తారు: ‘‘ఒక బాలికపై ఆమె బంధువు అఘాయిత్యానికి పాల్పడినట్లు తెలిసింది.’’ పత్రికలో వార్తలా ఉంటుంది గానీ దేనికీ పనికిరాదు. ఎవరికి, ఎవరి ద్వారా, ఎప్పుడు తెలిసింది? పిల్ల ‘అఘాయిత్యం’ అందా?

మా లెక్కల టీచర్ రాసింది ఇలా ఉంది: ‘‘బుధవారం, ఉదయం 11.40. మూడో పీరియడ్ అయ్యాక వేపచెట్టు దగ్గర. నేను: ఈ మధ్య అన్నం తినడం లేదేం? బాలిక: ‘అమ్మ రాత్రి డ్యూటీకి పోతే మామ ఇంటికొస్తాడు. నన్ను ముట్టుకుంటాడు. నాకిష్టం లేదు.’ నేను: తర్వాత? బాలిక కొంతసేపు మాట్లాడలేదు, చున్నీ అంచు చుట్టుకుంటూ కూర్చుంది. ‘అమ్మకి చెబితే కొడతానన్నాడు.’ 11.55కు హెచ్‌ఎం గారికి చెప్పాను.’’ కింద సంతకం, తేదీ.

అంతే, అర పేజీ. పిల్ల మాటలు పిల్ల మాటలుగానే, యాసతో సహా ఉన్నాయి. టీచర్ ఏం అడిగారో కూడా ఉంది కాబట్టి, ఆ మాటలు ఎవరూ ఆమె చేత అనిపించినవి కావని చదివినవారికి తెలుస్తుంది. ‘చాలా భయపడింది’ అనకుండా చున్నీ అంచు గురించి రాశారు. అభిప్రాయం రాయలేదు, చూసింది రాశారు. తల్లి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజను పనికి వెళ్తోందన్నది మాకు తర్వాత తెలిసింది. అది ఆ కాగితంలో చేర్చలేదు, చేర్చకూడదు కూడా.

హెచ్‌ఎంకు చెబితే నా బాధ్యత తీరినట్టేనా?

తీరదు. ఇది నేను ప్రతిసారీ రెండుసార్లు చెబుతాను. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం, సెక్షన్ 19 ప్రకారం, అటువంటి నేరం జరిగిందని తెలిసిన వ్యక్తి ఎవరైనా, జరగవచ్చని భయం ఉన్నా సరే, ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి గానీ స్థానిక పోలీసులకు గానీ తెలియజేయాలి. ‘వ్యక్తి ఎవరైనా’ అన్నది, ‘సంస్థ అధిపతి’ అనలేదు. తెలియజేయకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అబ్బాయిలకూ ఈ చట్టం వర్తిస్తుంది. వాళ్ల విషయంలో ‘మగపిల్లవాడే కదా’ అనే నిర్లక్ష్యం మన స్టాఫ్‌రూముల్లో ఇంకా ఉంది.

ఆ బుధవారం మేం చేసింది ఇది. టీచర్, నేను కలిసి 1098కి ఫోన్ చేశాం, అది బాలల హెల్ప్‌లైన్. పిల్లతో ఎలా ఉండాలో, ఎవరు రావచ్చో చెప్పారు. అయితే చట్టం పేరు పెట్టి చెప్పింది పోలీసులను కాబట్టి, అక్కడితో ఆగకుండా స్టేషన్‌కు కూడా తెలిపాం. సమాచారాన్ని కాగితంపై నమోదు చేసి, నంబరు వేసి, చెప్పినవారికి చదివి వినిపించాలని చట్టంలోనే ఉంది. వినిపించమని అడగండి, మొహమాటపడకండి.

కొత్తవాళ్లు ఎక్కువగా భయపడేది, పిల్లను స్టేషన్‌కు లాక్కెళ్తారేమోనని. అలా చేయకూడదు. పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోనో, ఆమె కోరిన చోటో, వీలైనంతవరకు ఎస్‌ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా నమోదు చేయాలి. తల్లిదండ్రులో, పిల్లకు నమ్మకం ఉన్నవారో పక్కన ఉండాలి. ఏ కారణంతోనూ రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. ఆ అమ్మాయి అవ్వ ఇంట్లో కూర్చుని చెప్పింది. చీర కట్టుకుని వచ్చినావిడ పోలీసని తనకు ముందే చెప్పాం. చాటుగా ఏదీ చేయలేదు. పోలీసులు ఇరవై నాలుగు గంటల్లోగా బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. ఇంట్లో ఉండడం క్షేమం కాకపోతే ఎక్కడ ఉండాలన్నది కమిటీ చూస్తుంది. ఈ పిల్లకు తల్లి, అవ్వ గట్టిగా నిలబడ్డారు కాబట్టి అంతదూరం పోలేదు.

నేను పొరబడి ఉంటే? తర్వాత నా మీదే కేసు పెడితే?

మంచి నమ్మకంతో సమాచారం ఇచ్చినవారిపై సివిల్ గానీ క్రిమినల్ గానీ బాధ్యత మోపకూడదని అదే సెక్షన్ 19 చివర ఉంది. ఎవరినో అవమానించాలనో, బెదిరించి డబ్బు గుంజాలనో కావాలని తప్పుడు ఫిర్యాదు చేసినవారికే శిక్ష. పిల్లలకు అది కూడా లేదు. మీరు చెప్పేది ‘ఫలానావాడు నేరం చేశాడు’ అని కాదు, ‘ఈ పిల్ల నాతో ఇలా అంది’ అని. ఆ రెండో వాక్యంలో మీరు పొరబడే అవకాశం లేదు, అందుకే ఆ అర పేజీ అంత ముఖ్యం.

చెప్పకపోవడంలోనే ప్రమాదం ఉంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక బడి హాస్టల్ బాలికలకు వైద్యం చేసిన డాక్టర్, నేరం సంగతి తెలిసీ తెలియజేయలేదన్న ఆరోపణపై కేసు నమోదైంది. హైకోర్టు దాన్ని కొట్టివేస్తే, సుప్రీంకోర్టు 2022లో ఆ తీర్పును పక్కన పెట్టింది. సమాచారం వెంటనే అందించకపోవడం చిన్న విషయం కాదని అందులో స్పష్టంగా ఉంది.

తల్లిదండ్రులే వచ్చి ‘కేసు వద్దు, పరువు పోతుంది’ అంటే?

అంటారు. పెద్దమనుషులను వెంటబెట్టుకుని కూడా వస్తారు. ‘‘గంగమ్మ ముందు ప్రమాణం చేయించాం, ఇంక రాడు’’ అని ఒక తండ్రి నాతో అన్నాడు. ఆయన బాధ నిజమైనదే, కూర్చోబెట్టి నీళ్లిచ్చి విన్నాను. కానీ తెలియజేయాల్సిన బాధ్యతకు తల్లిదండ్రుల అనుమతి షరతు కాదు. ‘‘మీరు వద్దన్నారని ఆపడానికి నాకు వీలు లేదు నాయనా. పిల్ల పేరు బయటికి రాకుండా చూడడం మాత్రం నా చేతిలో ఉంది, అది చూస్తాను’’ అన్నాను. నిందితుడు ఆ ఇంటివాడే అయితే మాత్రం, పోలీసులకు చెప్పకముందే ఇంటికి ఫోన్ చేయకండి. ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారో మనకు తెలియదు.

నిందితుడు మన సహోద్యోగే అయితే? లేదా హెచ్‌ఎం అయితే?

అప్పుడూ అదే దారి, ఇంకా వేగంగా. విద్యాసంస్థ సిబ్బందే ఇలాంటి నేరానికి పాల్పడితే చట్టం దాన్ని తీవ్రమైన నేరంగా లెక్కగడుతుంది. తన కింద పనిచేసేవారి గురించి తెలియజేయని సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. ‘ముందు పిలిచి మందలిద్దాం, బదిలీ అడిగి పంపేద్దాం’ అన్నది స్టాఫ్‌రూమ్‌లో తప్పక వినిపిస్తుంది. బదిలీ అంటే, ఇంకో బడిలోని పిల్లలకు ఆ మనిషిని అప్పగించడం. పైగా ముందే మందలిస్తే అతనికి పిల్లను బెదిరించే సమయం దొరుకుతుంది. నా మీదే పిల్ల చెబితే నా గదికి రావద్దు, నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లండి. ఈ మాట మొదటి రోజే అందరి ముందూ అంటాను. కొందరు ఇబ్బందిగా నవ్వుతారు.

ఇంతకీ ఎవరెవరికి చెప్పవచ్చు?

తెలియాల్సిన వాళ్లకు మాత్రమే. మా బడిలో ఆ సంగతి ముగ్గురికి తెలుసు. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పేరు లేకుండా ‘మన ఏడో తరగతి అమ్మాయి పాపం’ అని పెట్టినా పేరు పెట్టినట్టే, తరగతిలో ముప్పై మందే ఉన్నప్పుడు. పేరు, చిరునామా, ఫొటో, బడి, ఇరుగుపొరుగు వంటి వివరాలను ప్రసార మాధ్యమాల్లో వెల్లడించడాన్ని చట్టం నిషేధించింది. హాజరు పట్టీలో ‘కోర్టు’ అని కారణం రాయకండి, సెలవు అని చాలు.

క్రమశిక్షణకు బెత్తం లేకపోతే ఎలా, మేడమ్?

విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 17 శారీరక దండననూ మానసిక వేధింపునూ రెండింటినీ నిషేధించింది. గోడకుర్చీ, ‘మొద్దు’ అని పిలవడం కూడా అందులోకే వస్తాయి. ఇంతకంటే దీని మీద వాదించను. ఒక్కటి మాత్రం గమనించాను. బెత్తం పట్టుకునే టీచర్ దగ్గరికి పిల్లలు పెన్ను పోయిందని కూడా చెప్పడానికి రారు. ఆ ఏడో తరగతి అమ్మాయి పదేళ్లుగా ఉన్న వాళ్లను వదిలి, రెండు నెలల క్రితం చేరిన ఆవిడను ఎందుకు ఎంచుకుందో సంగతి తెలిసిన మేం ఆలోచించుకోవాల్సి వచ్చింది.

పిల్లలతో ఫోన్‌లో మాట్లాడవచ్చా? ఏడుస్తున్న పిల్లను దగ్గరికి తీసుకోవచ్చా?

విడిగా సందేశాలు వద్దు. హోంవర్క్ అయినా సరే, తల్లిదండ్రులు ఉన్న తరగతి గ్రూపులోనే పెట్టండి. రాత్రి పూట పిల్ల స్వయంగా ‘సార్, ఒక మాట’ అని పెడితే పట్టించుకోకుండా వదలకండి. ప్రమాదంలో ఉందా అని ఆ ఒక్కటి తెలుసుకుని, వెంటనే నాకు చెప్పండి. చిన్నపిల్ల పడి ఏడుస్తుంటే లేపి తల నిమరడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నలుగురి ఎదుట, పిల్లకు కావలసినంతవరకే, మనకు కావలసినంత కాదు.

ఆ తర్వాత ఆ పిల్లతో తరగతిలో ఎలా ఉండాలి?

ముందు ఎలా ఉన్నారో అలాగే. మరుసటి సోమవారం ఆ అమ్మాయి వచ్చినప్పుడు ఒక టీచర్ జాలిపడి హోంవర్క్ అడగకుండా ముందుకు వెళ్లిపోయారు. పిల్లలు ఇలాంటివి ఇట్టే పసిగడతారు. పక్క బల్ల అమ్మాయి ‘‘నిన్నెందుకు అడగలేదే?’’ అంది. ఆ సాయంత్రమే మేం మాట్లాడుకుని సరిచేసుకున్నాం: అడగాలి, చేయకపోతే రేపు తెమ్మనాలి. తరగతిలో ఉండలేకపోతే చేయెత్తి నీళ్లకు వెళ్తాననవచ్చని ఆ పిల్లతో ముందే అనుకున్నాం. మొదటి నెలలో నాలుగైదు సార్లు వెళ్లింది. తర్వాత మానేసింది.

మేం రాసిన కాగితం ఏమవుతుంది?

ఒక ప్రతి పోలీసులకు ఇస్తాం. మరొకటి కవరులో అంటించి నా గది బీరువాలో పెడతాను, తాళం నా దగ్గరే ఉంటుంది. నేను బదిలీ అయితే బాధ్యతల అప్పగింత జాబితాలో ‘రహస్య కవర్లు’ అని సంఖ్య మాత్రం రాసి తర్వాతివారికి ఇస్తాను. వీలైనంతవరకు ఏడాదిలోగా విచారణ పూర్తి చేయాలని చట్టంలో ఉంది గానీ, ఆలస్యం కావచ్చు. అప్పటికి మీరు పలమనేరుకో కుప్పానికో మారిపోయి ఉండవచ్చు, సాక్షిగా సమన్లు అక్కడికే వస్తాయి. వెళ్లాలి, ఆ రోజును ఆన్ డ్యూటీగా రాయిస్తారు. న్యాయవాది ‘‘ఆ పిల్ల సరిగ్గా ఏమంది?’’ అని అడుగుతారు. వెళ్లే ముందు నాకు ఫోన్ చేయండి, కవరు తెరిచి మీ అర పేజీ మీకు చదివి వినిపిస్తాను.